గుండ్రటి ఫిన్ ఎఫిషియెన్సీ: చార్టా, బెసెలా, ష్మిట్ సూత్రమా?

"అన్నా, చార్ట్‌లో చూస్తే 0.84 వస్తుంది, ఫార్ములాలో వేస్తే 0.29 వస్తుంది, ఏది రాయాలె?" అని మహబూబ్‌నగర్‌లో మెకానికల్ చదివే ఒక తమ్ముడు ఇంటర్నల్స్ ముందు రోజు రాత్రి మెసేజ్ పెట్టాడు. ఒకే ఫిన్‌కి ఇంత తేడా రాదు. ఎక్కడో లెక్క తప్పింది. ఎక్కడ తప్పిందో కింద చెప్తాను, ఎందుకంటే అది చాలామంది చేసే తప్పే. అసలు ప్రశ్న మాత్రం మంచిదే. ట్యూబ్ చుట్టూ గుండ్రటి పళ్లెంలా ఉండే ఫిన్‌కి ఎఫిషియెన్సీ కావాలంటే మన చేతిలో మూడు దారులున్నాయి. డేటా బుక్‌లో ఉండే చార్ట్ ఒకటి, బెసెల్ ఫంక్షన్లతో ఉండే అసలు సూత్రం ఒకటి, క్యాలిక్యులేటర్‌లో tanh నొక్కితే వచ్చే ష్మిట్ సూత్రం ఒకటి. ఏది ఎప్పుడు వాడాలి?

ఎంచుకునే ముందు నాలుగు సంగతులు చూసుకోవాలి. మీ చేతిలో ఏముంది, అంటే పరీక్ష హాల్లో క్యాలిక్యులేటరా, ఇంట్లో లాప్‌టాపా? ఈ లెక్క ఒక్కసారి చేస్తారా, లేక ఫిన్ పొడవు, మందం మారుస్తూ పదే పదే చేస్తారా? తప్పు చేస్తే మీకే తెలిసిపోతుందా, లేక తెలియకుండా జవాబులోకి వెళ్లిపోతుందా? చివరిది, ఎక్కువమంది పట్టించుకోనిది: మీ దగ్గరున్న h విలువ ఎంత నమ్మకమైనది? నా ఉద్దేశంలో ఈ చివరిదే మిగతా మూడింటికన్నా ముఖ్యం. లెక్క చేసి చూస్తే మీరే ఒప్పుకుంటారు.

లెక్కకి ఒక ట్యూబ్

ఊరికే సూత్రాలు చెప్పుకుంటే బుర్రకెక్కదు. మిర్యాలగూడ వైపు పారాబాయిల్డ్ రైస్ మిల్లుల్లో వడ్లు ఆరబెట్టే డ్రయర్‌కి వేడిగాలి పంపే రేడియేటర్ ఉంటుంది కదా, ట్యూబుల లోపల ఆవిరి, బయట ఫ్యాన్ గాలి. అలాంటి ట్యూబ్ ఒకటి అనుకుందాం. కొలతలు లెక్క సులువుగా రావడానికి నేను పెట్టుకున్నవే, ఏ మిల్లులోనూ కొలిచినవి కావు.

ట్యూబ్ బయటి వ్యాసం 20 మి.మీ., అంటే r1 = 10 మి.మీ. ఫిన్ బయటి రేడియస్ r2 = 24.5 మి.మీ., మందం t = 1 మి.మీ. ఫిన్ స్టీలు, k = 50 W/mK. గాలి వైపు h = 40 W/m²K. లోపల ఆవిరి ఘనీభవిస్తూ ఉంటుంది కాబట్టి ట్యూబ్ గోడ దాదాపు ఆవిరి ఉష్ణోగ్రత దగ్గరే ఉంటుంది. బేస్ 120 డిగ్రీలు, గాలి మన ఎండాకాలం లెక్కన 40 డిగ్రీలు అనుకుందాం, తేడా 80.

మూడు దారులకీ ముందు ఒక పని ఉమ్మడి. ఫిన్ అంచు నుంచి కూడా వేడి పోతుంది, దాన్ని విడిగా లెక్కపెట్టే బదులు ఫిన్‌ని సగం మందం మేర బయటికి పొడిగించి, అంచు నుంచి వేడి పోదని అనుకుంటాం. అంటే r2c = 24.5 + 0.5 = 25 మి.మీ., Lc = 15 మి.మీ. ఆ తర్వాత m లెక్క:

m = √(2h/kt) = √(80/0.05) = 40 (1/m)

దీంతో m·r1 = 0.4, m·r2c = 1.0, m·Lc = 0.6. ఈ మూడు అంకెలు, r2c/r1 = 2.5 అనే నిష్పత్తి ఉంటే చాలు, ఎఫిషియెన్సీకి ఇంకేం అక్కర్లేదు.

ఇక్కడే ఒక కాపలా అంకె పెట్టుకోండి. ఈ ఫిన్‌ని గుండ్రటిది అనుకోకుండా అదే పొడవున్న మామూలు నిటారు ఫిన్ అనుకుంటే ఎఫిషియెన్సీ tanh(0.6)/0.6 = 0.895. గుండ్రటి ఫిన్‌కి దీనికన్నా తక్కువే రావాలి. కారణం ఏమిటంటే, బయటికి పోయేకొద్దీ చుట్టుకొలత పెరుగుతుంది, వైశాల్యం అంతా అంచు వైపే పోగవుతుంది. మన ఫిన్‌లో సగం వైశాల్యం 19 మి.మీ. రేడియస్ దాటాకే ఉంది, అంటే 15 మి.మీ. ఫిన్‌లో చివరి 6 మి.మీ.లోనే. ఆ చివర చల్లగా ఉంటుంది కాబట్టి సగటు పడిపోతుంది. మీ జవాబు 0.895 దాటితే ఇంకేం ఆలోచించకుండా లెక్క మొదటి నుంచి చూసుకోండి.

చార్ట్

డేటా బుక్ తెరిస్తే అడ్డంగా ఒక గీత మీద Lc^1.5·(h/(k·Ap))^0.5, నిలువుగా ఎఫిషియెన్సీ, మధ్యలో r2c/r1 విలువలు రాసిన వంపులు కనిపిస్తాయి. Ap అంటే ఫిన్ కోత వైశాల్యం, Lc × t. మన ట్యూబ్‌కి Ap = 0.015 × 0.001 = 1.5×10⁻⁵ చ.మీ. అడ్డం అంకె 0.424 వస్తుంది. నిష్పత్తి 2.5, కానీ చార్ట్‌లో వంపులు సాధారణంగా 2కి, 3కి మాత్రమే ఉంటాయి. 2 వంపు మీద దాదాపు 0.86, 3 వంపు మీద దాదాపు 0.83, మధ్యలో కంటితో పట్టుకుంటే 0.84, 0.85. అసలు జవాబు 0.843 కాబట్టి ఇది మంచి రీడింగే. కాకపోతే స్కేలు పెట్టి ఎంత జాగ్రత్తగా చూసినా మూడో అంకె మీ ఊహే అవుతుంది, జిరాక్స్ కాపీ మీద చూస్తే రెండో అంకె కూడా.

చార్ట్‌లో అసలు ప్రమాదం కన్ను చేసే పొరపాటు కాదు, అడ్డం గీత. ఈ చార్టుల వంశంలో పెద్దది గార్డ్‌నర్ 1945లో ఇచ్చింది. అందులో సగం మందం వాడతారు కాబట్టి అడ్డం అంకె m·Lc అవుతుంది, మనకి 0.6. ఇప్పటి పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే చార్ట్‌లో అది m·Lc/√2, మనకి 0.424. రెండు చార్టులూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఒక పుస్తకంలో m·Lc లెక్కపెట్టి 0.6తో రెండో పుస్తకం చార్ట్‌లోకి వెళ్తే 0.84 బదులు 0.72, 0.73 చదువుతారు. అది చూస్తే అనుమానం కూడా రాదు, ఎందుకంటే 0.72 అనేది ఫిన్‌కి ఉండదగ్గ అంకెలాగే ఉంటుంది. పైన చెప్పిన 0.895 కాపలా కూడా దీన్ని పట్టుకోలేదు. అందుకే చార్ట్ చూసే ముందు అడ్డం గీత కింద ఏం రాసి ఉందో వేలు పెట్టి చదవండి. మీకు m·Lc అంకె తెలుసు కాబట్టి ఇంకో పరీక్ష ఉంది: r2c/r1 = 1 వంపు మీద మీ అడ్డం అంకె దగ్గర చదివితే 0.895 రావాలి, ఆ వంపు నిటారు ఫిన్‌దే కాబట్టి. రాకపోతే తప్పు గీత మీద ఉన్నట్టు.

బెసెల్ సూత్రం

అసలు సూత్రం ఇది:

η = [2·r1 / (m(r2c² − r1²))] × [K1(m·r1)·I1(m·r2c) − I1(m·r1)·K1(m·r2c)] / [I0(m·r1)·K1(m·r2c) + K0(m·r1)·I1(m·r2c)]

చూడగానే టెన్షన్ వస్తుంది కానీ లోపల ఆరు అంకెలే ఉన్నాయి. 0.4 దగ్గర నాలుగు, 1.0 దగ్గర రెండు:

| ఫంక్షన్ | 0.4 దగ్గర | 1.0 దగ్గర |
|---|---|---|
| I0 | 1.0404 | – |
| I1 | 0.2040 | 0.5652 |
| K0 | 1.1145 | – |
| K1 | 2.1844 | 0.6019 |

ముందున్న గుణకం 0.9524. పైన వచ్చేది 1.2345 − 0.1228 = 1.1117. కింద 0.6262 + 0.6299 = 1.2561. భాగిస్తే 0.885, గుణకంతో 0.843. అంతే.

ఇప్పుడు తమ్ముడి 0.29 సంగతి. చాలా పుస్తకాల వెనక ఉండే టేబుల్లో I0, I1 అని నేరుగా ఉండవు. e⁻ˣI0(x), e⁻ˣI1(x), eˣK0(x), eˣK1(x) అని ఉంటాయి, పెద్ద x దగ్గర అంకెలు అదుపు తప్పకుండా అలా అచ్చువేస్తారు. పై వరుసలో ఉన్న ఆ చిన్న eని ఎవరూ చూడరు. 0.4 దగ్గర K1 కోసం చూస్తే 3.2587 ఉంటుంది, దాన్ని e^0.4తో భాగిస్తేనే 2.1844. 1.0 దగ్గర I1 వరుసలో 0.2079 ఉంటుంది, దాన్ని e తో గుణిస్తేనే 0.5652. టేబుల్ అంకెల్ని ఉన్నవి ఉన్నట్టే సూత్రంలో వేసి చూడండి, కచ్చితంగా 0.29 వస్తుంది. రెండు వేర్వేరు x విలువల దగ్గరి అంకెలు కలిసి ఉన్నాయి కాబట్టి ఆ e లు ఒకదానితో ఒకటి కొట్టుకుపోవు.

టేబుల్ చూస్తున్నప్పుడు పట్టుకునే చిట్కా: I0 ఎప్పుడూ 1 కన్నా తక్కువ ఉండదు. మీరు రాసుకున్న I0 0.6974 అయితే అది e⁻ˣ కలిపిన అంకె, మార్చుకోవాలి. ఇంకో చిక్కు, ఆ టేబుళ్లు 0.2 చొప్పున దూకుతాయి. మన అంకెలు 0.4, 1.0 కాబట్టి సరిపోయాయి. m·r1 = 0.47 వస్తే మధ్యలో లెక్కగట్టుకోవాలి, K1 చిన్న x దగ్గర నిట్టనిలువుగా పడిపోతుంది కాబట్టి సూటి గీతతో లెక్కగడితే తప్పు బాగానే వస్తుంది.

కంప్యూటర్ ఉంటే ఈ గోల ఏమీ లేదు. ఎక్సెల్‌లో A1లో m·r1, A2లో m·r2c పెట్టి ఇది అతికించండి:

```
=(2*A1/(A2^2-A1^2))*(BESSELK(A1,1)*BESSELI(A2,1)-BESSELI(A1,1)*BESSELK(A2,1))/(BESSELI(A1,0)*BESSELK(A2,1)+BESSELK(A1,0)*BESSELI(A2,1))
```

0.4, 1 వేస్తే 0.8429 రావాలి. వచ్చిందంటే సెల్ సరిగా ఉంది, ఇక ఏ ఫిన్‌కైనా లాక్కుంటూ పోవచ్చు.

ష్మిట్ సూత్రం

1949లో ష్మిట్ ఇచ్చిన కిటుకు చాలా తెలివైనది. గుండ్రటి ఫిన్‌ని నిటారు ఫిన్‌లాగే tanhతో లెక్కించు, కాకపోతే పొడవుని కొంచెం సాగదీయి అంటాడు:

φ = (r2c/r1 − 1)(1 + 0.35·ln(r2c/r1)), η = tanh(m·r1·φ)/(m·r1·φ)

మనకి ln 2.5 = 0.916, φ = 1.5 × 1.3207 = 1.981, m·r1·φ = 0.792, η = 0.833. అసలు 0.843తో పోలిస్తే ఒక శాతం పైచిలుకు తక్కువ. క్యాలిక్యులేటర్‌లో hyp, tan నొక్కితే అరనిమిషం పని, చార్ట్ అక్కర్లేదు, టేబుల్ అక్కర్లేదు.

అదే ఫిన్ అల్యూమినియంది అయితే (k = 200, m = 20) బెసెల్ 0.955, ష్మిట్ 0.951, తేడా అరశాతం కూడా లేదు. ఫిన్ బాగున్నకొద్దీ ఉజ్జాయింపు కూడా బాగుంటుంది. మరి బాగాలేని ఫిన్ దగ్గర? నిష్పత్తి 4, m·r1 = 0.5 అనే పొడవాటి ఫిన్ తీసుకుంటే బెసెల్ 0.428, ష్మిట్ 0.439. ఈసారి తప్పు 2.5 శాతం, అదీ ఎక్కువ వైపు. మన ట్యూబ్ దగ్గర తక్కువ చూపింది, ఇక్కడ ఎక్కువ చూపుతుంది. కాబట్టి "ష్మిట్ ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది, సేఫ్ సైడ్" అని ఎవరైనా అంటే నమ్మకండి. ఎఫిషియెన్సీ సగం కన్నా కిందికి పోతే బెసెల్‌కి వెళ్లడం మంచిది. అయినా అంత ఎఫిషియెన్సీ ఉన్న ఫిన్ ఎవరు పెట్టించుకుంటారు, లోహం దండగ.

వాట్లలో తేడా ఎంత

ఎఫిషియెన్సీ అంకె తేడా కంటే వేడిలో తేడా చూస్తేనే మనసుకి పడుతుంది. ఫిన్ రెండు వైపుల వైశాల్యం 2π(r2c² − r1²) = 0.0033 చ.మీ. ఫిన్ అంతా బేస్ ఉష్ణోగ్రతలోనే ఉంటే పోయే వేడి 40 × 0.0033 × 80 = 10.56 వాట్లు. దాన్ని ఎఫిషియెన్సీతో గుణించాలి:

| దారి | η | ఒక ఫిన్ వేడి (W) |
|---|---|---|
| బెసెల్ | 0.843 | 8.90 |
| చార్ట్, జాగ్రత్తగా చదివితే | 0.84–0.85 | 8.9–9.0 |
| ష్మిట్ | 0.833 | 8.79 |
| నిటారు ఫిన్ అనుకుంటే | 0.895 | 9.45 |
| చార్ట్, తప్పు గీత మీద | 0.72 దగ్గర | 7.6 దగ్గర |
| టేబుల్లో e మర్చిపోతే | 0.29 | 3.07 |

వైశాల్యంలో కూడా r2c వాడాలి. ఎఫిషియెన్సీ r2cతో తీసి, వైశాల్యం r2తో వేస్తే 4.7 శాతం వేడి ఊరికే పోతుంది. ష్మిట్ వాడితే పోయేదానికి ఇది దాదాపు నాలుగింతలు, కానీ ష్మిట్ గురించి తర్జనభర్జన పడేవాళ్లే ఈ తప్పు చేస్తుంటారు.

మీటరు ట్యూబ్‌కి 5 మి.మీ. చొప్పున 200 ఫిన్లు అనుకుంటే ఫిన్ల నుంచి 1780 వాట్లు, మధ్యలో మిగిలిన ట్యూబ్ గోడ నుంచి 161 వాట్లు, మొత్తం దాదాపు 1940 వాట్లు. ఫిన్లు లేని ట్యూబ్ అయితే అదే h దగ్గర 201 వాట్లే. ఫిన్ల కింద ఉన్న గోడని లెక్కపెట్టకూడదు, 200 ఫిన్లు 200 మి.మీ. మేర గోడని మూసేస్తాయి కదా. ష్మిట్‌తో చేస్తే మొత్తం 1919, అంటే మీటరుకి 21, 22 వాట్ల తేడా.

ఇప్పుడు h సంగతి. 40 అని నేను పెట్టాను, అది 50 అయితే? m పెరిగి ఎఫిషియెన్సీ 0.81 దగ్గరికి దిగుతుంది, అయినా ఒక ఫిన్ వేడి సుమారు 20 శాతం పెరుగుతుంది. ఫిన్ల మధ్య గాలికి కోరిలేషన్ వాడి తీసిన h అటూ ఇటూ 20, 25 శాతం తేడా రావడం మామూలే. దాని పక్కన ఒక శాతం ష్మిట్ తప్పు ఎంత? అందుకే అసలు డిజైన్ పనిలో బెసెల్‌లో నాలుగో దశాంశం కోసం కూర్చునే టైం h మీద పెట్టమని నా సలహా.

ఎవరికి ఏది

పరీక్ష రాసేవాళ్లకి: ప్రశ్నలో డేటా బుక్ వాడమంటే చార్టే రాయండి, అడ్డం అంకె లెక్క, r2c/r1, చదివిన η మూడూ స్పష్టంగా పేపర్ మీద ఉండాలి, అప్పుడే దిద్దేవాళ్లకి మీ రీడింగ్ 0.84 అయినా 0.85 అయినా పర్వాలేదనిపిస్తుంది. పక్కన మార్జిన్‌లో ష్మిట్ ఒకసారి కొట్టి చూసుకోండి, రెండూ రెండు మూడు శాతంలో కలవాలి. కలవకపోతే దాదాపు ఎప్పుడూ అడ్డం గీత తప్పే, లేదా రేడియస్ బదులు వ్యాసం వేసి ఉంటారు. వ్యాసం తప్పు నిష్పత్తిలో కనిపించదు, అది అలాగే 2.5 ఉంటుంది, m·r1 మాత్రం రెట్టింపు అయిపోతుంది. బెసెల్ సూత్రం కావాలని అడిగితే తప్ప టేబుల్ తెరవకండి, ఆ టైంలో ఇంకో ప్రశ్న రాయొచ్చు.

ప్రాజెక్ట్ చేసేవాళ్లకి, ఫిన్ మందం, పొడవు మారుస్తూ గ్రాఫులు గీయాల్సిన వాళ్లకి: ఎక్సెల్‌లో బెసెల్, ఇంకో మాటే లేదు. చార్ట్‌తో నలభై పాయింట్లు చదివి గ్రాఫ్ గీస్తే ఆ వంకరలు ఫిన్‌వో మీ కంటివో తేలదు.

మిల్లుకి రేడియేటర్ మార్చాలా వద్దా అని ఉజ్జాయింపు లెక్క కావాల్సిన వాళ్లకి ష్మిట్ చాలు. మన ట్యూబ్‌లో స్టీలు బదులు అల్యూమినియం ఫిన్ పెడితే మీటరుకి 1919 నుంచి 2168 వాట్లకి పోతుందని, అంటే 13 శాతం లాభమని ఫోన్ క్యాలిక్యులేటర్‌తోనే తేలిపోతుంది. ఆ 13 శాతానికి అల్యూమినియం ధర పెట్టడం లాభమా కాదా అనేది యజమాని లెక్క. కాకపోతే ఇక్కడ రెండు సంగతులు ఏ దారిలోనూ కనపడవు. ఒకటి, మూడు దారులూ ఫిన్ ట్యూబ్‌కి గట్టిగా అతుక్కుని ఉందనే అనుకుంటాయి. స్టీలు ట్యూబ్ మీద చుట్టిన అల్యూమినియం ఫిన్ వేడికి వ్యాకోచించి పట్టు వదిలితే ఫిన్ మొదలే 120 బదులు తక్కువలో ఉంటుంది. అప్పుడు 0.955 కాగితం మీదే. ఫిన్‌ని వేళ్లతో పట్టి తిప్పితే కదులుతుంటే ఇక సూత్రాలతో పని లేదు. రెండోది ఊక దుమ్ము. ఫిన్ల మధ్య సందు 4 మి.మీ.లే, అందులో ఊక పేరుకుంటే గాలి కొన్ని చోట్ల ఆగిపోతుంది. h ఫిన్ అంతటా ఒకటే అనే మన లెక్క అక్కడే పోయింది. మీటరుకి ఇన్ని వాట్లని లెక్కలో వచ్చినా డ్రయర్‌కి పోయే గాలి చల్లబడుతుంటే ముందు రేడియేటర్ ముందు, వెనక గాలి ఉష్ణోగ్రతలు కొలిచి, కంప్రెసర్ గాలితో ఫిన్లు ఊదించి, మళ్లీ కొలవండి. ఇంకో మాట, వరుసగా చాలా ట్యూబులు ఉంటే వెనక వరుసకి వచ్చే గాలి 40 డిగ్రీల్లో ఉండదు, ముందు వరుసలు దాన్ని అప్పటికే వేడెక్కించి ఉంటాయి. ఒక్క ట్యూబ్ వాట్లని ట్యూబుల సంఖ్యతో గుణించి కొటేషన్‌లో రాయకండి, వరుస వరుసకీ గాలి ఉష్ణోగ్రత పెంచుకుంటూ లెక్కపెట్టండి. η మాత్రం ఒకసారి తీస్తే చాలు, అది ఉష్ణోగ్రత తేడా మీద ఆధారపడదు కాబట్టి అన్ని వరుసలకీ అదే 0.843.